తొమ్మిదంటే ఎవరి తొమ్మిది?
వెబినార్ రిజిస్ట్రేషన్ పేజీలో పైన ఉండాల్సింది అతిథి ఫొటో కాదు, టైం అంటాను. మొన్న నేను చేసిన పేజీలో “శనివారం రాత్రి 9” అని వదిలేశాను. డల్లాస్‌లో ఉన్న సీనియర్ అది తన టైమనుకున్నారు. అక్కడ వేసవి టైం నడుస్తోంది కాబట్టి ఆయన తొమ్మిదంటే మనకి ఆదివారం పొద్దున 7:30. మేమంతా రాత్రి ఖాళీ స్క్రీన్ చూస్తూ కూర్చున్నాం.

మళ్లీ పెట్టినప్పుడు, ఫోన్‌లో స్క్రోల్ చేయకుండానే కనబడేలా రాశాను: “మూడో ఏడాది ఈసీఈ వాళ్లకి. ఆదివారం ఉదయం 7:30 నుంచి 8:30, భారత కాలమానం. చిప్ టెస్టింగ్ ఉద్యోగాలపై 40 నిమిషాలు, ప్రశ్నలకి 20. పేరు, మెయిల్ ఇచ్చి రిజిస్టర్ నొక్కండి, లింక్ మెయిల్‌కి వస్తుంది.”

ఫొటో అడుక్కి పోయింది. సీనియర్ ఏమనుకున్నారో మరి!