గుమ్మం కాదు, కిటికీ చెప్పండి

వికారాబాద్‌లోనో తాండూరులోనో అమ్మకానికి పెట్టిన ఇంటి గురించి వాట్సాప్‌లో వచ్చే వివరం దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. 200 గజాలు, ఈస్ట్ ఫేసింగ్, డబుల్ బెడ్‌రూమ్, పక్కా వాస్తు, గాలీ వెలుతురూ పుష్కలం. కింద ఒక ప్లాన్ బొమ్మ. కొనేవాడు హైదరాబాద్‌లో కూర్చుని ఆ బొమ్మ మీదే సగం నిర్ణయం తీసుకుంటాడు. ఆ వివరంలో అబద్ధం ఉండకపోవచ్చు. కానీ అందులో ఇల్లు ఎలా ఉంటుందో లేదు, గుమ్మం ఎటు తిరిగి ఉందో మాత్రమే ఉంది.

ఈస్ట్ ఫేసింగ్ అంటే మన దగ్గర స్థలానికి తూర్పున రోడ్డు ఉందని అర్థం. అపార్ట్‌మెంట్‌లోనైతే గుమ్మం తూర్పుకు తెరుచుకుంటుందని. ఆ గుమ్మం ముందున్నది ట్యూబ్‌లైట్ వెలిగే కారిడార్ అయినా ఫ్లాట్ ఈస్ట్ ఫేసింగే. వాస్తు చూసుకునేవారికి ఆ మాట కావాలి, కాదనను. అయితే ఎండ గుమ్మాన్ని అడిగి లోపలికి రాదు, కిటికీలోంచి వస్తుంది. అందుకే ప్లాన్ వివరణ రాసేవారు మొదలుపెట్టాల్సింది ప్రతి గది కిటికీ దగ్గర: అది ఏ గోడకుంది, ఎంత తెరుచుకుంటుంది, దాని ఎదుట ఎన్ని అడుగుల దూరంలో ఏముంది.

తాండూరులో మామూలుగా కనిపించే లెక్కనే తీసుకుందాం. 30×60 స్థలం, అంటే 200 గజాలు. తూర్పున రోడ్డు, మిగతా మూడు వైపులా మూడేసి అడుగుల ఖాళీ. ముందు పోర్టికో, దాని వెనక హాలు, ఆగ్నేయంలో వంటగది, నైరుతిలో పెద్ద బెడ్‌రూమ్, వాయవ్యంలో రెండోది. పొద్దుటి ఎండ నేరుగా అందేది ముందుభాగానికే, అందులోనూ కొంత పోర్టికో స్లాబు ఆపేస్తుంది. వెనకున్న రెండు పడకగదులకూ ఈస్ట్ ఫేసింగ్‌తో సంబంధమే లేదు.

ఇప్పుడు ఆ నైరుతి గదిని చూద్దాం. ప్లాన్‌లో 12×11 అని ఉంటుంది. చాలా బొమ్మల్లో ఈ కొలత గోడ మధ్య నుంచి గోడ మధ్యకు వేసింది. బయటి గోడ 9 అంగుళాలు, లోపలి గోడ నాలుగున్నర. వీటిలో సగాలు తీసేసి, రెండు వైపులా ప్లాస్టరింగ్ మందం కూడా కలుపుకుంటే ఒక్కో దిక్కున సుమారు 8 అంగుళాలు పోతాయి. మిగిలేది 11 అడుగుల 4 అంగుళాలు, 10 అడుగుల 4 అంగుళాలు. కాగితం మీది 132 చదరపు అడుగులు చేతికొచ్చేసరికి 117.

పదిహేను అడుగులదేముందిలే అనుకోవచ్చు. సామాను పెట్టి చూస్తే తెలుస్తుంది. దక్షిణానికి తల పెట్టుకునేలా ఆరున్నర అడుగుల పొడవు మంచం వేసి, ఎదురుగా ఉత్తరపు గోడకు రెండడుగుల లోతు బీరువా పెట్టారనుకోండి. ప్లాన్ ప్రకారం మధ్యలో రెండున్నర అడుగుల దారి ఉండాలి. నిజానికి ఉండేది 1 అడుగు 10 అంగుళాలు. బీరువా తలుపు అడుగున్నర ఉంటే, అది తెరిచాక మనిషి నిలబడటానికి మిగిలేది నాలుగంగుళాలు. కాబట్టి కొలత పక్కన "ప్లాస్టరింగ్ అయ్యాక, గోడ నుంచి గోడకు" అన్న మాట రాయడం అవసరం. టేపు పట్టుకుని కొలిచినవాడే ఆ మాట రాయగలడు.

ఇక ఎండ. ఈ గదికి దక్షిణాన 4×4 కిటికీ ఉంది. ఇల్లు చూడటానికి డిసెంబర్‌లో వెళ్తే గది వెలిగిపోతూ ఉంటుంది, ఎందుకంటే పక్క ప్లాటు ఇంకా ఖాళీ. వికారాబాద్, తాండూరు రెండూ దాదాపు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గరున్నాయి. డిసెంబర్ చివర మిట్టమధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన సుమారు 49 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. రేపు పక్కవారు కూడా మూడడుగులు వదిలి ఇరవై అడుగుల ఎత్తు మేడ కట్టారనుకుందాం. రెండు గోడల మధ్య దూరం ఆరడుగులు. ఆ కోణంలో ఆరడుగుల దూరానికి ఎండ దిగేది ఏడడుగులే. అంటే మన గోడ మీద పదమూడు అడుగుల ఎత్తు దాకా నీడే. కింది అంతస్తు కిటికీ పైఅంచు ఏడడుగుల దగ్గర ఉంటుంది గనుక, ఏడాదిలో దక్షిణపు ఎండ బాగా రావాల్సిన రోజుల్లోనే అందులోకి ఎండపొడ రాదు. పైఅంతస్తు వాళ్లకు మాత్రం వస్తుంది. ఒకే ప్లాన్, ఒకే ఫేసింగ్, రెండు వేర్వేరు ఇళ్లు.

జూన్‌లో కథ మారుతుంది. అప్పుడు మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి దాటి కొంచెం ఉత్తరానికే జరుగుతాడు, దక్షిణపు కిటికీకి నేరు ఎండ ఉండదు. ఏప్రిల్, మే నెలల్లో బాధ పెట్టేది పడమటి గోడ. మధ్యాహ్నమంతా కాగి, ఆ వేడిని రాత్రి గదిలోకి వదులుతుంది. ఆ వైపు బాత్‌రూమో మెట్లో ఉంటే అవి కాచుకుంటాయి. పడకగదే ఉంటే ఆ సంగతి రాయాలి.

గాలి సంగతీ అంతే. పొడి వేడి ప్రాంతాల్లో కిటికీల వైశాల్యం గది నేలలో కనీసం పదో వంతు ఉండాలని జాతీయ భవన నిర్మాణ కోడ్ చెబుతుంది. మన గదికి 12 చదరపు అడుగులు చాలు, 4×4 కిటికీ అంటే 16. నియమం తీరింది. కానీ రెండు రెక్కల స్లైడింగ్ కిటికీ ఎంత తెరిచినా సగమే ఖాళీ అవుతుంది, గాలికి దొరికేది ఎనిమిదే. పైగా గదికి కిటికీ ఒక్కటే అయితే వచ్చిన గాలి వెళ్లడానికి దారి ఉండదు. తలుపు తీసి, హాల్లో అవతలి కిటికీ కూడా తీస్తేనే గాలి ఆడుతుంది. రాత్రి తలుపు వేసుకుంటే ఫ్యానే గతి. తాండూరులో ఇంకో మాట కూడా చేర్చాలి. నాపరాయి పాలిషింగ్ యూనిట్ పక్కనో, సిమెంటు లారీలు తిరిగే రోడ్డు మీదో ఇల్లుంటే దుమ్ముకు ఆ వైపు కిటికీ మూసే ఉంచుతారు. ప్లాన్‌లో కిటికీ ఉన్నా ఇంట్లో లేనట్టే. వికారాబాద్‌లో అనంతగిరి పేరు చెప్పి "హిల్ వ్యూ" రాసేవారు కూడా ఏ గదిలోంచి, ఏ అంతస్తులోంచి కనబడుతుందో రాస్తే బాగుంటుంది. డాబా మీది వాటర్ ట్యాంకు దగ్గర నిలబడితే కొండ ఎవరికైనా కనబడుతుంది.

ఇవన్నీ కలిపితే ఆ గది వివరణ ఇలా ఉంటుంది: "నైరుతి బెడ్‌రూమ్. ప్లాస్టరింగ్ అయ్యాక తూర్పు పడమరలు 11 అడుగుల 4 అంగుళాలు, ఉత్తర దక్షిణాలు 10 అడుగుల 4 అంగుళాలు. దక్షిణాన 4×4 స్లైడింగ్ కిటికీ, సగం తెరుచుకుంటుంది. ఎదుట మా ఖాళీ 3 అడుగులు, ఆపైన పక్కవారి ఖాళీ ప్లాటు. అక్కడ మేడ లేస్తే డిసెంబర్‌లో ఈ కిటికీకి నేరు ఎండ రాదు. పడమటి గోడకు కిటికీ లేదు, వేసవి సాయంత్రాలు గోడ వేడిగా ఉంటుంది. తలుపు తీసి ఉంచితే హాలు వైపు గాలి ఆడుతుంది." వాస్తులో విదిక్కు అనే వాలు స్థలమైతే, ఉత్తరం ఎన్ని డిగ్రీలు తిరిగిందో కూడా ఒక ముక్క రాయాలి. అది కూడా ఇనుప చువ్వల పిల్లర్ పక్కన ఫోన్ కంపాస్ పెట్టి కాదు, రోడ్డు మీద ఆరుబయట నిలబడి చూసి.

ఇలా రాస్తే ఎవరు కొంటారని బిల్డర్లు అంటారు. కొనేవాడు ఎలాగూ ఒక మధ్యాహ్నం వచ్చి చూసుకుంటాడు. చూడకుండా కొన్నవాడు మొదటి ఎండాకాలంలో ఫోన్ చేస్తాడు. పెద్ద ప్రాజెక్టులకు 2016 నాటి రెరా చట్టం ఉంది. కార్పెట్ ఏరియా అంటే ఏమిటో అది నిర్వచించింది. ప్రకటనలోని తప్పు వివరాన్ని నమ్మి నష్టపోయినవారికి పరిహారం అడిగే హక్కును 12వ సెక్షన్ ఇచ్చింది. కానీ స్థలం 500 చదరపు మీటర్లు గానీ, ఫ్లాట్లు ఎనిమిది గానీ మించని ప్రాజెక్టులకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఈ రెండు పట్టణాల్లో విడిగా కట్టి అమ్మే 200 గజాల ఇళ్లు ఆ గీతకు ఇవతలే ఉంటాయి. అక్కడ కొనేవాడికి రెండే కాగితాలు ఆధారం: మున్సిపల్ అనుమతి పొందిన ప్లాన్, అమ్మేవాడు రాసిచ్చిన వివరణ. ఆ రెండోదాన్ని కొలిచిన తేదీ వేసి, సంతకం పెట్టి, అగ్రిమెంట్‌కు జతచేయమని బయానా ఇచ్చేముందే అడగాలి.