పోలిక రాయండి, తీర్పు రాయకండి

2023 జనవరి చివర మెదక్‌లో జరిగిన గొలుసు దొంగతనం కేసులో, సీసీ కెమెరాలో కనిపించిన మనిషిలా ఉన్నాడని పోలీసులు ఒక కూలీని హైదరాబాద్ నుంచి పట్టుకెళ్లారు. దొంగ అతను కాదని తేలాక వదిలేశారు. కస్టడీలో తనను తీవ్రంగా కొట్టారని చెప్పిన ఆ మనిషి ఫిబ్రవరిలో గాంధీ ఆసుపత్రిలో చనిపోయాడు. ‘అతనిలా ఉన్నాడు’ అన్న మాట ‘అతనే’గా మారిపోతే ఏం జరుగుతుందో చెప్పడానికి మనకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ అక్కర్లేదు.

మూడు రాష్ట్రాలు కలిసే మన ప్రాంతంలో ఈ ప్రమాదం మరింత ఎక్కువ. కుప్పంలో తీసిన ఫొటో గంటలో కృష్ణగిరికి, కోలారుకు వాట్సాప్‌లో చేరుతుంది. ముఖాలను పోల్చి రాసిన నివేదికలోని షరతులన్నీ ఇక్కడే ఉండిపోతాయి, అక్కడికి వెళ్లేది బొమ్మ ఒక్కటే. అందుకే ఆ నివేదికను ఎలా రాస్తున్నామన్నది ముఖ్యం.

పుంగనూరు బస్టాండులో ఒక దొంగతనం జరిగిందనుకుందాం. కెమెరా చిత్రం వెడల్పు 1920 చుక్కలు, అందులో పడిన స్థలం వెడల్పు 20 మీటర్లు. అంటే మీటరుకు 96 చుక్కలు. మనిషి రెండు కంటిపాపల మధ్య దూరం సుమారు 6.3 సెంటీమీటర్లు కాబట్టి చిత్రంలో ఆ దూరానికి దక్కేవి ఆరే చుక్కలు. పాస్‌పోర్టు తరహా ఫొటోకు అంతర్జాతీయ ప్రమాణం అడిగేది కనీసం 90. ఆరు చుక్కల్లో చెవి మడత కనిపించదు, పుట్టుమచ్చ కనిపించదు. మనుషులను విడదీసి చూపే గుర్తులే అవి. మిగిలేది ముఖం ఆకారం, జుట్టు, మీసం. మనిషిని పోలిన మనుషులు ఏడుగురని మన పెద్దలన్నారు. ఇంత మసక చిత్రంలోనైతే ఆ ఏడుగురు ఏ మూలకూ చాలరు.

ఈ చిత్రాన్ని మదనపల్లెలో ఒకరు అనుమానితుడి ఫొటోతో పోల్చి ‘ముఖం సరిపోయింది’ అని రాస్తే అది తప్పు. ‘అయి ఉండవచ్చు’ అని ముక్తసరిగా రాసినా సగం తప్పే. ఎందుకు అనుమానిస్తున్నారో, ఎంత అనుమానిస్తున్నారో ఆ మాట చెప్పదు. చదివేవాడు తనకు కావలసినంత బలం అందులో నింపుకుంటాడు. నేనైతే ఇలా రాయమంటాను:

‘నుదుటి వెడల్పులో, దవడ ఆకారంలో పోలికలు ఉన్నాయి. చెవులు, మచ్చలు చిత్రంలో స్పష్టంగా లేనందున వాటిని పోల్చలేదు. తేడాలేవీ కనిపించలేదు, అయితే చిత్రం నాణ్యత వల్ల తేడా ఉన్నా కనిపించకపోవచ్చు. ఇద్దరూ ఒకరే అనడానికి ఈ పోలికలు స్వల్ప బలాన్ని మాత్రమే ఇస్తాయి. ఇవే లక్షణాలు మరెందరిలోనో ఉండవచ్చు. దీని ఆధారంగా గుర్తింపు నిర్ధారించలేం.’

ఇందులో చూసినదేమిటో, చూడలేనిదేమిటో వేర్వేరుగా ఉన్నాయి. ‘స్వల్ప’ అన్నది కూడా ఊరికే వాడిన మాట కాదు. స్వల్పం, మోస్తరు, బలం, చాలా బలం అంటూ మెట్లు ముందే రాసుకుని, ఏ మెట్టుకు ఏ గుర్తులు కావాలో నిర్ణయించుకుంటే నివేదిక రాసే మనిషి మారినా అర్థం మారదు.

అంకెలతో ఇంకా జాగ్రత్త కావాలి. ముఖ గుర్తింపు సాఫ్ట్‌వేర్‌లో 80 శాతానికి మించిన పోలికను సరైన గుర్తింపుగా పరిగణిస్తున్నామని ఢిల్లీ పోలీసులు 2022లో ఒక సమాచార హక్కు జవాబులో చెప్పారు. ఆ 80 కంప్యూటర్ ఇచ్చే పోలిక మార్కు. ‘వందలో ఎనభై వంతులు ఇతడే’ అని దానికి అర్థం కాదు. పదివేల ముఖాల్లో ఒక్కసారే పొరబడే యంత్రం ఉందనుకోండి. లక్ష ఫొటోల్లో వెతికితే, సంబంధం లేని పది మందిని అది చూపిస్తుంది. అసలు దొంగ ఆ లక్షలో లేకపోయినా ఆ పది మంది ఉంటారు. కనుక ఎన్ని ఫొటోల్లో వెతికారో, ఇంకెవరెవరు జాబితాలో వచ్చారో కూడా నివేదికలో ఉండాలి.

హెచ్చరిక రాసినా ఎవరు చదువుతారని కొందరు అడుగుతారు. అమెరికాలోని డెట్రాయిట్‌లో ఒక కేసులో నిజంగానే చదవలేదు. ఇది గుర్తింపు కాదు, దర్యాప్తుకు ఒక ఆచూకీ మాత్రమే అని ముఖ గుర్తింపు ఫలితం ఇచ్చిన కాగితం మీదే ఉంది. అయినా 2020 జనవరిలో ఒక నిరపరాధిని భార్యాపిల్లల ముందే అరెస్టు చేశారు. హెచ్చరికను కాగితం పైభాగాన ముద్రలా వేసి, కింద ఒకే ఒక్క ఫొటో పెడితే కన్ను ఫొటో మీదికే పోతుంది. అందుకే అనిశ్చితి ముగింపు వాక్యంలోనే ఉండాలి, దాన్ని తీసేస్తే వాక్యమే నిలబడకూడదు. ఆ కేసులో 2024లో కుదిరిన ఒప్పందం ప్రకారం అక్కడి పోలీసులు ముఖ గుర్తింపు ఫలితం ఒక్కదాని మీద ఎవరినీ అరెస్టు చేయకూడదు.

మన చట్టంలోనూ భారతీయ సాక్ష్య అధినియమ్ 39వ సెక్షన్ కింద నిపుణుడు ఇచ్చేది అభిప్రాయమే, తీర్పు కోర్టుది. చిత్తూరు, అన్నమయ్య జిల్లాల పోలీసు అధికారులు ఇలాంటి నివేదికకు ఒక నమూనా ఖరారు చేయాలి. అనుమానితుడి ఫొటో పక్క స్టేషనుకు పంపేటప్పుడు ముగింపు వాక్యాన్ని కూడా ఆ బొమ్మ మీదే అచ్చు వేసి పంపాలి. ‘దొంగ దొరికాడు’ అని శీర్షిక పెట్టే ముందు విలేకరులు కూడా ఆ వాక్యాన్ని అడిగి చదవాలి.