ఏజెంటు లెక్క, ఆటో డ్రైవరు లెక్క

ఊళ్లో నలుగురూ నమ్మే మనిషికి బీమా కంపెనీ ఏజెన్సీ ఇవ్వడానికి ముందుకొస్తుంది. ట్యూషన్ మాస్టారు, పొదుపు సంఘం లీడరు ఇలా ఈ పనిలోకి వచ్చినవారే. ఐసీ-38 పరీక్ష గట్టెక్కితే బీమా అమ్మవచ్చు. ఎన్ఐఎస్ఎం పరీక్ష రాసి ఏఆర్ఎన్ నంబరు తీసుకుంటే మ్యూచువల్ ఫండ్లూ అమ్మవచ్చు. అసలు చిక్కు ఆ తర్వాత, కమీషన్ దగ్గర మొదలవుతుంది.

నెలకు 4,000 రూపాయలు దాచగలిగే ఆటో డ్రైవరు, ఇద్దరు పిల్లల తండ్రి, తెలిసిన ఏజెంటును సలహా అడిగాడనుకుందాం. మొత్తం ఎండోమెంట్ పాలసీలో పెట్టిస్తే ఏడాది ప్రీమియం 48,000. తొలి ఏడాది కమీషన్ 25 శాతం వేసుకున్నా ఏజెంటుకు 12,000 వస్తుంది. డ్రైవరు కుటుంబానికి దక్కే రక్షణ మాత్రం సుమారు పది లక్షలే. అదే డబ్బులో 12,000 పెట్టి టర్మ్ పాలసీ తీసుకుంటే రక్షణ దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. మిగిలిన నెలకు 3,000 సిప్‌లో వేసుకోవచ్చు. అప్పుడు ఏజెంటుకు టర్మ్ మీద అదే 25 శాతం చొప్పున 3,000 వస్తుంది. సిప్ మీద ఏటా 0.8 శాతం ట్రైల్ అనుకుంటే తొలి ఏడాది అందేది దాదాపు 156 రూపాయలు. ఫండ్లలో ముందస్తు కమీషన్‌ను సెబీ 2018లోనే ఆపేసింది. కాబట్టి పొదుపు పెరిగితేనే ఏజెంటు రాబడీ పెరుగుతుంది. ఐదేళ్లు ఆగినా, లాభనష్టాలు కలపకుండా చూస్తే, ఈ సిప్ మీద వచ్చేది ఏడాదికి 1,440 రూపాయలే.

ఇంటి అద్దె కట్టాల్సిన కొత్త ఏజెంటు 12,000 వైపు మొగ్గడంలో వింత లేదు. కానీ డ్రైవరు రెండో ఏడాది కట్టలేక ఆపేస్తే కట్టినదంతా తిరిగి రాదు. తొలి కమీషన్ మాత్రం అప్పటికే ఏజెంటు చేతికొచ్చి ఉంటుంది.

దాటకూడని గీతలు రెండున్నాయి. కమీషన్‌లో వాటా ఇస్తానని పాలసీ అమ్మడం బీమా చట్టం 41వ సెక్షన్ కింద నేరం. ప్రపోజల్ ఫారంలో షుగరు ఉన్నా "లేదు" అని టిక్కు పెట్టించడం అంతకన్నా ప్రమాదకరం. మూడేళ్లలోపు క్లెయిమ్ వస్తే కంపెనీ పాత ఆసుపత్రి చీటీలు తవ్వి తీస్తుంది. నిజం దాచారని తేలితే 45వ సెక్షన్ కింద పాలసీని రద్దు చేయవచ్చు. ఆ కుటుంబం వచ్చి నిలదీసేది పక్క వీధి ఏజెంటునే.

కనుక తొలి రెండు మూడేళ్లు ఇల్లు గడిచే వేరే ఆదాయం ఉన్నవారే ఈ పనిలోకి దిగడం మేలు. ప్రతి పాలసీ మీద తనకెంత వస్తుందో కొనేవారికి ముందే చెప్పగలిగితే, తాను అమ్ముతున్నది సరైనదో కాదో ఏజెంటుకే తెలిసిపోతుంది.