స్క్రీన్ గవాహీ చెల్లదు

మా ఖాలా కూతురి నికా. మిట్టమధ్యాహ్నం, ఆరుబయట షామియానా. ఎండకి మానిటర్లో ఏమీ కనపడక బ్రైట్‌నెస్ ఫుల్లుగా పెట్టేశాను. బొమ్మ వెలిగిపోతుంటే రోష్నీ ఎక్కువైందనుకుని ఐరిస్ మూసుకుంటూ పోయాను. ఇంటికొచ్చి చూస్తే మొహాలన్నీ చీకట్లో మునిగిపోయాయి. ఎడిటింగులో పైకి లేపితే నాయిస్ ఇసకలా లేచింది. "భయ్యా, నా షాదీలో నేనెక్కడ?" అంది చెల్లెలు. జవాబు లేదు నా దగ్గర.

అప్పట్నించీ మానిటర్ మీద భరోసా వదిలేశాను. దాని బ్రైట్‌నెస్ మార్చినా రికార్డయ్యే బొమ్మ మారదు. స్కోప్ చూసేది ఆ బొమ్మ హిసాబునే.

చాలామంది దోస్తులు హిస్టోగ్రామ్ దగ్గరే ఆగిపోతారు. అది చీకటి ఎంత, వెలుగు ఎంత అని చెబుతుందే గానీ, ఆ వెలుగు ఎవరిదో చెప్పదు. తెల్ల కుర్తాల మెహఫిల్లో కుడివైపు గుట్ట పడుతుంది. దానికి భయపడి ఐరిస్ మూశామా, మొహాలకి బేఇన్సాఫీ.

వేవ్‌ఫామ్ అలా కాదు. బొమ్మలో ఎడమవైపున్నది గ్రాఫ్‌లోనూ ఎడమవైపే ఉంటుంది. కింద 0 నలుపు, పైన 100 తెలుపు. మొన్న ఒక షాదీలో ఖాజీసాబ్ ఎడమవైపు, దుల్హా కుడివైపు కూర్చున్నారు. ఖాజీసాబ్ తెల్ల కుర్తా 95 దగ్గర, దుల్హా మొహం 35 దగ్గర ఉంది. ఐరిస్ తెరిస్తే కుర్తా 100 దగ్గర చదునైన గీతై, మడతలు పోయేవి. ఐరిస్ ముట్టుకోకుండా దుల్హా వైపు చిన్న ఎల్‌ఈడీ లైటు పెట్టాను. మొహం 50కి వచ్చింది, కుర్తా అలాగే ఉంది. అయితే వేవ్‌ఫామ్ పైదేదో కిందదేదో చెప్పదు. తెల్ల టోపీ, దాని కిందున్న మొహం ఒకే నిలువులో కలిసిపోతాయి. అప్పుడు మొహానికి జూమ్ చేసి చూసుకోవాలి.

ఇక్కడే నా అసలు ఫిర్యాదు. మొహం 70 దగ్గర ఉండాలని నేర్పిస్తారు. అది తెల్లతోలు కొలత. మన చామనఛాయ మొహాల్ని 70కి లాగితే రంగు వెలిసిపోతుంది. మామూలు ప్రొఫైల్లో 45, 55 మధ్య చాలు, ఇంకా నల్లనివాళ్లకి అంతకన్నా తక్కువే. లాగ్‌లో తీసేవాళ్లకి ఈ అంకెలు పనికిరావు, అక్కడ కొలతలే వేరు.

ఇంకొక ధోకా, దుల్హన్ ఎర్ర జోడా. ముదురు ఎరుపు పూర్తిగా నిండిపోయినా మామూలు వేవ్‌ఫామ్‌లో 21 దగ్గరే కనపడొచ్చు. అందుకే ఆర్‌జీబీ పెరేడ్ పెట్టుకోండి. ఎర్ర గీత పైన చదునైపోతే జర్దోసీ పనంతా ఎర్రముద్దయినట్టే.

ఒకరి మొహం ఎంత నలుపో తేల్చే హక్కు ఎండలో మెరిసే అద్దానికి ఇవ్వకండి భాయ్.