‘చూద్దాం’ అనడం మర్యాద కాదు

మొహమాటాన్ని గురించి మన భాషలో ఉన్న సామెత మీకందరికీ తెలుసు. సభామర్యాదను బట్టి ఇక్కడ రాయను. ఆ మొహమాటానికే లౌక్యమని పేరుపెట్టి గౌరవించడం మీద మాత్రం నాకు గట్టి అభ్యంతరం ఉంది.

మా మార్కాపురం, గిద్దలూరు వైపు “అయ్యవారూ, కాఫీ తాగుదాం రండి” అన్న పిలుపు వెనుక ఒక్కోసారి చీటీపాట ఉంటుంది. పిలిచినవాడు చీటీ పాడుకున్నాడు. హామీ సంతకం కావాలి. నెలజీతగాడు గనుక అయ్యవారి సంతకానికి విలువ. ఆయన కాదనలేక “చూద్దాంలే” అని లేస్తాడు. అవతలివాడు దానిని సగం అంగీకారంగా భావించి ఇంటికి పోతాడు.

ఆ సంతకం బరువెంతో లెక్క చూడండి. చీటీ 5 లక్షలు. నెలకు 10,000 చొప్పున 50 నెలలు. అయిదవ నెలలో లక్షన్నర తగ్గించి పాడితే చేతికి వచ్చేది మూడున్నర లక్షలు. మిగిలిన 45 వాయిదాలు, డివిడెండును లెక్కలోకి తీసుకోకపోతే, నాలుగున్నర లక్షలు. హామీదారు పూచీ ఈ వాయిదాలకే గాని మిత్రుడు అందుకున్న సొమ్ముకు కాదు. ఒప్పందంలో వేరుగా రాసుకుంటే తప్ప, హామీదారు బాధ్యత బాకీదారు బాధ్యతతో సమానమని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షను చెబుతున్నది. “ముందు అతణ్ణి అడగండి” అన్న వాదన చెల్లదు. మార్కాపురం పలక మీద రాసింది తుడిస్తే పోతుంది, ఇది పోదు.

కనుక భరించలేనివాడు కాదనవలసిందే. అయితే ఆనాడే అనాలి. హామీ చూపేదాకా పాట సొమ్ము చేతికి రాదు. వాయిదాలు మాత్రం ఆగవు. మన పదిరోజుల ‘చూద్దాం’ అతడు మరొకరిని వెతుక్కోవలసిన పదిరోజులను మింగుతుంది. స్నేహం చెడేది అందుకే గాని, కాదన్నందుకు కాదు.

సాకులూ పనికిరావు. “మా ఆవిడ ఒప్పుకోదు” అంటే అతడు నేరుగా ఆవిడనే అడుగుతాడు. “వచ్చే నెల” అంటే వచ్చే నెల వస్తాడు. ఉన్నమాట చెప్పాలి: “నాయనా, నీ మీద అనుమానం కాదు. నెలకు పదివేలు నేను కట్టవలసివస్తే నా ఇల్లు గడవదు. అందుకే ఎవరికీ సంతకం చెయ్యను.” అలా అన్నవాడు మరునెల బావమరిదికి సంతకం చేయకూడదు, చేస్తే ఊరంతా తెలుస్తుంది, మొదటివాడి మనసు విరుగుతుంది.

ఆపైన చేతనైన సాయం చెయ్యండి. ఫిక్సెడ్ డిపాజిటో, ఎల్.ఐ.సి. బాండో హామీగా తీసుకుంటారేమో కనుక్కోవడానికి అతని వెంట వెళ్ళండి. ఒక పూట పోతుంది, అంతే. ‘చూద్దాం’ అని తప్పుకొనే లౌక్యులు ఆ పూట కూడా ఇవ్వరు. ఇక మర్యాదస్థు లెవరో మీరే చెప్పండి.