డాలరు డివిడెండుకు గూగుల్ రేటు వేయకండి

హైదరాబాద్, బెంగళూరు సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల్లో చాలామందికి అమెరికా మాతృసంస్థ షేర్లు ఉన్నాయి. వాటిపై మూడు నెలలకోసారి డాలర్లలో డివిడెండు వస్తుంది. రిటర్ను వేసే రోజున ఫోన్ తీసి, గూగుల్‌లో డాలరు రేటు చూసి, చేతికొచ్చిన డాలర్లను దానితో గుణించి ఫారంలో వేసేస్తున్నారు. అందులో రెండు తప్పులున్నాయి: రేటు తప్పు, మొత్తం తప్పు. ఈ ఏడాది రిటర్ను పంపేముందు రెండూ సరిచూసుకోండి.

భారత పన్ను చట్టం ప్రకారం రెసిడెంట్, అందులోనూ ఆర్డినరీ రెసిడెంట్ అయినవారికి ప్రపంచంలో ఎక్కడ వచ్చిన ఆదాయమైనా ఇక్కడ పన్ను పరిధిలోకి వస్తుంది. అమెరికా నుంచి తిరిగొచ్చి ఇక్కడ స్థిరపడిన వారు తమ హోదా ఏ ఏడాది మారిందో ముందు తేల్చుకోవాలి. ఆ డాలర్లను రూపాయల్లోకి ఎలా మార్చాలో 1962 ఆదాయపు పన్ను నిబంధనల్లోని 115వ నిబంధన చెబుతుంది. 2025–26 ఆర్థిక సంవత్సరపు ఆదాయానికి ఇదే వర్తిస్తుంది. 2026 ఏప్రిల్ 1 నుంచి వచ్చే ఆదాయానికి 2025 చట్టం వర్తిస్తుంది కనుక వచ్చే ఏడాది రిటర్నుకు కొత్త నిబంధన చూసుకోవాలి.

ఆ నిబంధన అడిగేది స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియా టీటీ బయింగ్ రేటు. టీటీ అంటే టెలిగ్రాఫిక్ ట్రాన్స్‌ఫర్. వైరు ద్వారా వచ్చిన డాలర్లను బ్యాంకు మన దగ్గర కొనే ధర అన్నమాట. గూగుల్ చూపేది మార్కెట్ సగటు ధర. ఎస్‌బీఐ రోజూ విడుదల చేసే రేట్ల పట్టికలో డాలరు వరుసలో `TT BUY`, `TT SELL`, `BILL BUY` అని పక్కపక్కనే గడులుంటాయి. మనకు కావాల్సింది `TT BUY` గడి మాత్రమే. తొందరలో `TT SELL` గడి చూస్తే అంకె పెరిగిపోతుంది.

ఇక ఏ రోజు రేటు? చాలామంది తడబడేది ఇక్కడే. డివిడెండుకు, అది ప్రకటించిన లేదా చెల్లించిన నెలకు ముందు నెల చివరి రోజు రేటు వేయాలి. జూన్‌లో చెల్లిస్తే మే 31 రేటు, సెప్టెంబరులో చెల్లిస్తే ఆగస్టు 31 రేటు. డబ్బు ఖాతాలో పడ్డ రోజు రేటు పనికిరాదు. ఏడాది మొత్తానికి ఒకే సగటు రేటు వేయడమూ కుదరదు. నెల చివరి రోజు సెలవైతే దాని ముందు పనిదినం రేటు తీసుకోవడం వాడుకలో ఉంది.

ఒక లెక్క చేసి చూద్దాం. ఇందులోని రేట్లు లెక్క కోసం అనుకున్నవి. జూన్ 12న ఒక ఉద్యోగికి 400 డాలర్ల డివిడెండు వచ్చిందనుకుందాం. భారత్–అమెరికా పన్ను ఒప్పందం ప్రకారం బ్రోకరు అందులో 25 శాతం, అంటే 100 డాలర్లు, అమెరికా పన్నుగా కోసుకున్నాడు. ఖాతాలో పడింది 300 డాలర్లు. మే 31 టీటీ బయింగ్ రేటు 85 రూపాయలు. జూన్ 12న గూగుల్ రేటు 86.10.

చాలామంది చేసే లెక్క ఇలా ఉంటుంది: 300ను 86.10తో గుణిస్తే 25,830 రూపాయలు. 30 శాతం శ్లాబులో ఉన్నవారికి సెస్సుతో కలిపి 31.2 శాతం చొప్పున పన్ను 8,059 రూపాయలు. పన్ను కట్టేశాం, పని అయిపోయిందనుకుంటారు.

సరైన లెక్క వేరు. ఆదాయం అంటే కోతకు ముందున్న 400 డాలర్లు. దాన్ని 85తో గుణిస్తే 34,000 రూపాయలు. దానిపై పన్ను 10,608. అమెరికాలో కట్టిన 100 డాలర్లకు విదేశీ పన్ను క్రెడిట్ ఉంది. 128వ నిబంధన ప్రకారం ఆ పన్నును కూడా, అది కోసిన నెలకు ముందు నెల చివరి రోజు టీటీ బయింగ్ రేటుతోనే మార్చాలి. కోసింది జూన్‌లోనే కనుక ఇక్కడా రేటు 85, క్రెడిట్ 8,500. ఇక్కడ కట్టాల్సింది 10,608లోంచి 8,500 పోగా 2,108 రూపాయలు.

రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూడండి. మొదటి దాంట్లో ఆ ఉద్యోగి 8,170 రూపాయల ఆదాయం తక్కువ చూపించాడు, పన్ను మాత్రం 5,951 రూపాయలు ఎక్కువ కట్టాడు. ఆదాయం దాచినట్టూ అయింది, సొంత డబ్బు పోగొట్టుకున్నట్టూ అయింది. ఇది ఒక్క త్రైమాసికం మాటే. క్రెడిట్ దక్కాలంటే ఫారం 67 కూడా ఆన్‌లైన్‌లో దాఖలు చేయాలి. అది వేయకుండా రిటర్నులో అంకె వేసుకుంటే క్రెడిట్ నిలవకపోవచ్చు.

ఇంకో ఉచ్చు ఫారం 1042-ఎస్. మీ డివిడెండు, కోసిన పన్ను చూపిస్తూ అమెరికా బ్రోకరు పంపే కాగితం ఇది. అందులో లెక్క జనవరి నుంచి డిసెంబరు వరకు. మన ఆదాయ లెక్క ఏప్రిల్ నుంచి మార్చి వరకు. ఆ కాగితంలోని మొత్తాన్ని యథాతథంగా ఎక్కిస్తే మూడు నెలల ఆదాయం వేరే ఏడాదిలోకి పోతుంది. నెలవారీ స్టేట్‌మెంట్లు తీసి, ఒక్కో డివిడెండు తేదీ చూసి, దేని రేటు దానికి వేయాలి.

అన్ని ఆదాయాలకూ ఒకే తేదీ కాదు. విదేశీ బ్యాంకు ఖాతాలోని మామూలు వడ్డీకి మార్చి 31 రేటు. విదేశీ క్లయింటుకు పనిచేసే ఫ్రీలాన్సరు వృత్తి ఆదాయానికీ మార్చి 31 రేటే. కానీ ఆ డబ్బు అంతకుముందే నిబంధనల ప్రకారం భారత్‌కు వచ్చి రూపాయలుగా మారి ఉంటే, నిజంగా వచ్చిన రూపాయలే లెక్క. డివిడెండుకు మాత్రం ఆ వెసులుబాటు లేదు.

వీటన్నిటికీ తోడు షెడ్యూల్ ఎఫ్‌ఏ ఉంది. విదేశీ ఆస్తుల వివరాలిచ్చే ఆ పట్టిక క్యాలెండర్ సంవత్సరాన్ని అనుసరిస్తుంది. షేర్ల ముగింపు విలువకు డిసెంబరు 31 టీటీ బయింగ్ రేటు కావాలి. డివిడెండుకు వేసిన మే 31 రేటును అక్కడికి లాక్కెళ్లకండి. ఈ వివరాలు దాస్తే 2015 నల్లధనం చట్టం కింద 10 లక్షల రూపాయల జరిమానా పడే అవకాశం ఉంది. 2024 అక్టోబరు నుంచి, స్థిరాస్తి కాకుండా మిగతా విదేశీ ఆస్తుల మొత్తం విలువ 20 లక్షలు మించనివారికి ఆ జరిమానా నుంచి మినహాయింపు ఇచ్చారు. అయినా వివరాలు చూపాల్సిన బాధ్యత పోలేదు. ఖాతాల సమాచారం దేశాల మధ్య ఒప్పందాల కింద ఆదాయపు పన్ను శాఖకు చేరుతోంది. మీ స్టేట్‌మెంట్‌లోని అంకె మీకంటే ముందే వాళ్ల దగ్గర ఉండవచ్చు.

ఎస్‌బీఐ పాత రేట్లను నెలలు గడిచాక వెతికి పట్టుకోవడం కష్టం. కాబట్టి ప్రతి నెల చివరి పనిదినాన ఆ పట్టిక పీడీఎఫ్‌ను దింపుకుని, తేదీతో పేరుపెట్టి దాచుకోండి. ఏడాదికి పన్నెండు పీడీఎఫ్‌లు. రేపు నోటీసు వస్తే మీ లెక్కకు సాక్ష్యం అదే. ఇంకా రిటర్ను వేయనివారు ఈ రాత్రే బ్రోకరు స్టేట్‌మెంట్ తెరిచి, కోతకు ముందున్న మొత్తాన్ని, చెల్లించిన నెలను రాసుకోండి. ఇప్పటికే తప్పు రేటుతో వేసినవారు గడువు ముగిసేలోపు సవరించిన రిటర్ను వేయండి. నోటీసు రాకముందు మీరే దిద్దుకుంటే అది పొరపాటు దిద్దుకోవడం. వచ్చాక దిద్దుకుంటే సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది.