ముక్కుపుడక చప్పుడు చేస్తుందా?

ప్లేస్‌మెంట్ ట్రైనింగుల్లో ఒక స్లైడ్ ఉంటుంది. నేను చూసినవన్నీ దాదాపు ఒకటే. అమ్మాయిలకి చిన్న దుద్దులు, ఒక వాచీ, మహా అయితే ఒక ఉంగరం. జుంకాలు, గాజులు, పట్టీలు, ముక్కుపుడక వద్దు. అబ్బాయిలకి గడ్డం, బూట్ల సంగతి చెప్పి వదిలేస్తారు. నాలుగు వేళ్లకి నాలుగు రాళ్ల ఉంగరాలు పెట్టుకొచ్చేవాడి గురించి ఆ స్లైడ్‌కి పట్టింపే లేదు.

కొన్నేళ్లుగా హైదరాబాదులో ఇంటర్వ్యూలు చేసే వైపు కూర్చుంటున్నాను. నగలు ఇంటర్వ్యూకి అడ్డం రావని నేను అనను. వస్తాయి. కానీ ఏది ఎక్కడ అడ్డం వస్తుందో ఆ స్లైడ్ రాసినవాళ్లు ఎప్పుడూ చూసినట్టు లేరు. చూసుంటే లిస్టు వేరేగా ఉండేది.

ఒక అమ్మాయిని ఊహించుకుందాం. కొత్తగా పెళ్లయింది. చుడీదార్ వేసుకుంది. మెడలో నల్లపూసలు, ముక్కుపుడక, చేతికి అరడజను మట్టిగాజులు, కాళ్లకి మెట్టెలు, మువ్వల పట్టీలు. మొదట వీడియో రౌండు, అది దాటితే ఆఫీసులో బోర్డు మీద కోడ్ రాసే రౌండు.

వీడియో రౌండులో నిజంగా ఇబ్బంది పెట్టేది నల్లపూసలే. వైరున్న ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే మైకు వైరు మీదే, సరిగ్గా మెడ దగ్గర వేలాడుతుంది. ఆమె తల ఊపినప్పుడల్లా పూసలు దానికి రాసుకుంటాయి. అవతల మాకు బరబరమని వినిపిస్తుంది. ఆమె మైకు చప్పుడు ఆమెకి వినబడదు కాబట్టి తెలియదు. మేం రెండుసార్లు “మళ్లీ చెప్పండి” అంటాం, ఆమె కంగారు పడుతుంది. దీనికి తాళి తీయక్కర్లేదు, గొలుసు డ్రెస్ లోపలికి వేసుకుంటే చాలు. గాజుల సంగతి ఇంకోలా ఉంటుంది. టైప్ చేసేటప్పుడు అవి లాప్‌టాప్ అంచుకి తగులుతాయి. లాప్‌టాప్ మైకు వాడుతుంటే ఆ టకటక నేరుగా అందులోకి పోతుంది. పట్టీలు? అవి ఫ్రేములోనే లేవు.

ఆఫీసు రౌండులో లెక్క మారుతుంది. బోర్డు మీద రాయడానికి చెయ్యెత్తితే గాజులు మోచేతి వైపు జారతాయి, దించితే మణికట్టు దగ్గరికొచ్చి గలగలమంటాయి. లైనుకోసారి ఇదే. చప్పుడు గాజుది కాదు, గాజుకి గాజు తగలడానిది. చేతికి ఒక్కటి, కాస్త బిగుతుగా ఉన్నది వేసుకుంటే ఆ గొడవే లేదు. మువ్వలు లేని పట్టీలకీ అదే మాట. మెట్టెల గురించి ఏ స్లైడూ చెప్పదు కానీ, మూసేసిన కొత్త బూట్లలో గంటలకొద్దీ ఉంటే అవి పక్కవేలిని నొక్కి చంపుతాయి. అలాంటప్పుడు ముందు భాగం తెరిచున్న చెప్పులు మేలు.

ఎంతైతే ఎక్కువ అనడానికి నాకు తెలిసిన పరీక్ష ఒక్కటే. ముందురోజు రాత్రి అన్నీ పెట్టుకుని ఫోనులో ఐదు నిమిషాలు వీడియో తీసుకోవాలి. కాసేపు మాట్లాడుతూ టైప్ చేయాలి, కాసేపు గోడ మీద రాస్తున్నట్టు చెయ్యాడించాలి. తర్వాత ఒకసారి కళ్లు మూసుకుని వినాలి, ఇంకోసారి చేతులు ఎటు పోతున్నాయో చూడాలి. మాటకి అడ్డంగా వినిపించింది తీసెయ్యాలి, చెయ్యి మాటిమాటికీ వెతుక్కుంటూ వెళ్లిందీ తీసెయ్యాలి. మిగిలినవి ఉండొచ్చు, మూడైనా ఏడైనా. కథలో విశేషణాలు ఎన్నుండాలో ఎవరూ అంకె చెప్పరు కదా. అడ్డొచ్చేదాన్ని కొట్టేస్తారంతే.

ఈ పరీక్షలో అబ్బాయిగారి వదులు ఉంగరం తప్పుతుంది, ఎందుకంటే మాట్లాడినంతసేపూ ఆయన దాన్ని తిప్పుతూనే ఉంటాడు. ముక్కుపుడక మాత్రం నెగ్గుతుంది. అది మోగదు, ఊగదు, మైకుకి తగలదు. చెవిదుద్దు చేయని పని అది ఒక్కటీ చేయదు. మరి దుద్దుకి లేని నిషేధం దానికెందుకు? ఆపరేషన్ థియేటర్లో గాజులు తీయమంటే కారణం చెబుతారు: చేతులు మోచేతుల దాకా కడగాలి. తినుబండారాల ఫ్యాక్టరీలో తీయమంటే అక్కడా చెబుతారు: ముక్క విరిగి పిండిలో పడొచ్చు. స్లైడ్ దగ్గర ఉన్నది “ప్రొఫెషనల్‌గా ఉండదు” అనే ఒక్క మాట. అది కారణం కాదు. పక్కింటి ఆంటీలా కనిపించకూడదు అనడానికి మర్యాదైన పేరు.

ఉద్యోగం అవసరమైన అమ్మాయి ఆ రోజుకి ముక్కుపుడక తీసి డబ్బాలో పెట్టుకుంటే నేనేమీ అనను. ఆ లెక్క ఆమెది. నా పేచీ టేబుల్‌కి ఇవతల కూర్చున్న మాతో. ఫీడ్‌బ్యాక్ ఫారంలో “ప్రెజెంటేషన్ ఓవర్” అని రాసేవాళ్లు, ఆ నగ ఏ ప్రశ్న దగ్గర, ఏ జవాబుకి అడ్డమొచ్చిందో కూడా పక్కన రాయాలి. రాయలేకపోతే ఆ వాక్యం కొట్టేసి, ఆమె రాసిన కోడ్ చూడాలి.